అద్దె ఫ్లాటు బాకీ పేరు చెప్పి సొసైటీ ఎన్‌ఓసి ఆపవచ్చా? (చంద్రపూర్)

ఇరై గట్టు: చంద్రపూర్‌లో ఫ్లాటు అమ్ముతున్నాను. కొనేవాళ్ల బ్యాంకు సొసైటీ ఎన్‌ఓసి తెమ్మంది. రెండేళ్లు అద్దెకిచ్చానని సొసైటీ 36,000 బాకీ రాసింది, అది కడితేనే ఇస్తామంటోంది. పైగా బదిలీకి లక్ష 'విరాళం' అట. ఆపే హక్కు వాళ్లకుందా?

లా పాయింట్: అస్సలు లేదు. హౌసింగ్ సొసైటీల నమూనా నియమావళి, అంటే మహారాష్ట్ర మోడల్ బైలాస్, 38లోనే ఉంది, బదిలీకి ఎన్‌ఓసి అక్కర్లేదని. 15 రోజుల ముందు నోటీసిచ్చి రిజిస్ట్రేషన్ చేసేయండి.

పాత ఆడిటర్: మీరు చెప్పింది నిజమే తమ్ముడూ, కానీ ఆ వాక్యం తర్వాతిది కూడా చదవాలి. ఎన్‌ఓసి కావాలని సభ్యుడే అడిగితే కమిటీ నెలలోపు దాని మంచిచెడ్డలు చూసి తేల్చాలని ఉంది. బైలాస్ సొసైటీని కట్టడి చేస్తాయి, బ్యాంకును కాదు. కాగితం లేకపోతే బ్యాంకు డబ్బు విడుదల చేయదు, కొనేవాళ్లు వెనక్కి పోతారు. అదీకాక నిజమైన బాకీ ఉంటే ఫ్లాటుతో పాటు కొనేవారికి వెళ్లే సొసైటీ షేర్ల బదిలీ ఆపడానికి అది సరైన కారణమే. కాబట్టి చూడాల్సింది ఆ 36,000 నిజంగా బాకీయా కాదా అని. ఇరై గట్టు గారూ, బిల్లులో ఏమేం రాశారు?

ఇరై గట్టు: నెలకు 1,850. అందులో సర్వీస్ చార్జీలు 1,500, మిగతాది మున్సిపల్ పన్ను, పెద్ద మరమ్మతులకు దాచే సింకింగ్ ఫండ్. అవన్నీ కట్టేశాను. అద్దెకిచ్చిన 24 నెలలకు నెలకు ఇంకో 1,500 'నాన్ ఆక్యుపెన్సీ' వేశారు.

పాత ఆడిటర్: అయితే అక్కడే దొరికారు. 2001 ఆగస్టులో ప్రభుత్వం పెట్టిన పరిమితి ప్రకారం ఆ చార్జీ సర్వీస్ చార్జీల్లో పది శాతం దాటకూడదు. పన్ను, ఫండ్ ఆ లెక్కలోకి రావు. అంటే మీకు నెలకు 150, మొత్తం 3,600. జనరల్ బాడీలో తీర్మానం చేసినా ఆ హద్దు దాటలేరు. విరాళం సంగతీ అంతే. బదిలీకి సొసైటీ తీసుకునే ప్రీమియం కార్పొరేషన్ పరిధిలో 25,000 మించకూడదు, చంద్రపూర్ కార్పొరేషనే. సొంత కుటుంబంలోకి బదిలీ అయితే అదీ ఉండదు.

నాందేడ్ సుజాత: నాదీ ఇదే గోల! లోన్ తీర్చి నెలలైనా బ్యాంకు ఎన్‌ఓసి ఇవ్వట్లేదు.

పాత ఆడిటర్: సుజాత గారూ, మీది వేరే కాగితం. అది అప్పు తీరిందని బ్యాంకు ఇచ్చేది. ఇక్కడ అడుగుతున్నది బాకీలు లేవని సొసైటీ రాసిచ్చేది.

బల్లార్‌పూర్ మాజీ ఖజాంచి: అందరూ సొసైటీనే తిడుతున్నారు. మాది 16 ఫ్లాట్ల సొసైటీ. ఒకాయన మెయింటెనెన్స్ ఎగ్గొట్టి అమ్ముకుపోతే కొత్తాయన 'నాకేం తెలుసు' అన్నాడు. ఎన్‌ఓసి తప్ప మా చేతిలో ఏముంది? ఇంకోటి, బాల్కనీ మూసి గది చేసుకున్నవాడికి 'అభ్యంతరం లేదు' అని ఎలా రాసివ్వాలి?

పాత ఆడిటర్: బాకీ వసూలుకు సహకార శాఖ రిజిస్ట్రార్ దగ్గర రికవరీ సర్టిఫికెట్ దారి ఉంది అన్నా, కాకపోతే కొంచెం నెమ్మది. బాల్కనీ విషయంలో నేనైతే ఎన్‌ఓసి ఇచ్చి, ఆ మార్పుకు సొసైటీ ఒప్పుకోలేదని అందులోనే ఒక వాక్యం రాస్తాను.

ఖజాంచి: ఆ వాక్యం చూస్తే బ్యాంకు లోన్ ఇస్తుందా? ఆపినట్టే కదా!

లా పాయింట్: తాకట్టుకైతే ఇంత టెన్షన్ ఎందుకు? బ్యాంకు కోరేది బాకీ లేదని ఒక మాట, తన హక్కు రిజిస్టర్‌లో రాయడం. దానితో సొసైటీ జామీనుదారు అయిపోదు. చాలామంది సెక్రటరీలకు ఈ భయమే.

గడ్చిరోలి కుర్రాడు: కొనేవాళ్లు మాంసం తింటారనో, వేరే కులమనో ఆపితే? సుప్రీంకోర్టు 2005లో ఒప్పుకుందట కదా?

పాత ఆడిటర్: అది అహ్మదాబాద్ పార్శీ సొసైటీ కేసు. అక్కడ సభ్యత్వం పార్శీలకే అని బైలాలోనే ఉంది. మోడల్ బైలాస్ పెట్టుకున్న సొసైటీకి ఆ వెసులుబాటు లేదు. ఇంకో తేడా గుర్తుంచుకోండి: కొనేవారికి సభ్యత్వం నిరాకరిస్తే అప్పీలు రిజిస్ట్రార్‌కు వేయాల్సింది కొనేవారే. మూడు నెలల్లో జవాబు రాకపోతే సభ్యుడైనట్టే లెక్క. అమ్మేవారికి ఎన్‌ఓసి ఆపితే మాత్రం ఆయనే డిప్యూటీ రిజిస్ట్రార్‌కు ఫిర్యాదు ఇవ్వాలి.

ఇరై గట్టు: కొనేవాళ్ల లోన్ సాంక్షన్ గడువు దగ్గర పడింది. ఇప్పుడేం చేయను?

పాత ఆడిటర్: 3,600 చెక్కుతో కట్టి, లెక్క రాసిన ఉత్తరం ఇచ్చి రసీదు తీసుకోండి. అయినా ఒప్పుకోకపోతే మిగతా 32,400 'అభ్యంతరంతో కడుతున్నాను' అని రాసి కట్టేసి ఎన్‌ఓసి తెచ్చుకోండి. అమ్మాక కూడా మాజీ సభ్యుడిగా సహకార కోర్టులో అడగొచ్చు. విరాళానికి మాత్రం రూపాయి ఇవ్వకండి, ఎంత అడిగారో రాతలో ఇమ్మనండి.

లా పాయింట్: కట్టేస్తే ఒప్పుకున్నట్టే అంటారు సార్. 32,400 కోసం తర్వాత కోర్టు మెట్లెక్కే ఓపిక ఎవరికుంటుంది? నేనైతే ముందు ఫిర్యాదే ఇస్తాను.

ఖజాంచి: ఫిర్యాదు తేలేలోపు కొనేవాడు ఇంకో ఫ్లాటు చూసుకుంటాడు.

ఇరై గట్టు: రేపు చెక్కు, ఉత్తరం ఇస్తాను. సెక్రటరీ రసీదు ఇవ్వనంటే రిజిస్టర్ పోస్టులో పంపుతాను. ఏమైందో ఇక్కడే రాస్తా.