అప్‌డేట్: వార్షికోత్సవం క్యాప్షన్ ఖరారైంది

నా ప్రశ్న: "అమలాపురంలో మా సంగీత పాఠశాల వార్షికోత్సవానికి కుటుంబాలను పిలిచే క్యాప్షన్ ఎలా రాయాలి?"

అందరికీ థాంక్స్. చివరికి ఇలా పెట్టాం:

"మా పిల్లల పాట వినడానికి ఇంటిల్లిపాదీ రండి! జనవరి 25, ఆదివారం సాయంత్రం 5కి సరళీస్వరాలు, గీతాలతో చిన్నపిల్లలు. 6కి వర్ణాలు, కృతులతో పెద్దపిల్లలు. 7కి వీణ, వయొలిన్. 8కి మంగళం. ప్రవేశం ఉచితం, పాసులు అక్కర్లేదు."

ముగింపు సమయం వేయమన్న సలహా చాలా మంచిది. లంక గ్రామాల నుంచి వచ్చేవాళ్లు తిరుగు బస్సు చూసుకోవాలి కదా. "ఈ ఆదివారం" అనకుండా తేదీ వేశాం, ఎందుకంటే వాట్సాప్‌లో ఫార్వర్డ్ అయ్యేసరికి ఏ ఆదివారమో తెలియదు. చిన్నపిల్లలను ముందు పెట్టడం నా పట్టుదలే. ఏడు దాటితే వాళ్లకు నిద్ర ముంచుకొస్తుంది, గొంతు శ్రుతిలో నిలవదు.