దుగ్గిరాల పసుపుకి హెడ్జ్: రిగ్రెషన్ చెప్పే 12 లాట్లా, బ్రోకరు చెప్పే 20 లాట్లా?

కృష్ణాతీరం
దుగ్గిరాల కోల్డ్ స్టోరేజిలో 100 టన్నుల కొమ్ము ఉంది, రెండు నెలల్లో అమ్మాలి. ఎన్‌సీడీఈఎక్స్ పసుపు ఫ్యూచర్స్‌లో షార్ట్ పెడదామనుకుంటున్నాం. లాటు 5 టన్నులు కాబట్టి 20 లాట్లు అమ్మేయమని బ్రోకరు అంటున్నారు. మూడేళ్ల ధరలకి రిగ్రెషన్ వేస్తే స్లోప్ 1.04, ఆర్-స్క్వేర్ 0.96 వచ్చాయి. అదే వారం వారం మార్పులకి వేస్తే స్లోప్ 0.62, ఆర్-స్క్వేర్ 0.48. మార్పుల స్టాండర్డ్ డీవియేషన్ క్వింటాలుకి దుగ్గిరాలలో ₹420, ఫ్యూచర్‌లో ₹470, కోరిలేషన్ 0.69. దేన్ని నమ్మాలి? 0.48 అంటే హెడ్జ్ దండగేనా?

గుంటూరు_క్వాంట్
0.96ని పక్కన పెట్టేయండి. 2023 వేసవి తర్వాత పసుపు ధర దాదాపు రెట్టింపైంది. అలా ఎక్కిన రెండు ధరల్ని ఒకదాని మీద ఒకటి వేస్తే, వాటికి వారం వారం పొత్తు కుదరకపోయినా ఆర్-స్క్వేర్ 0.9 దాటొచ్చు. మీకు నష్టమొచ్చేది ధర మారడం వల్ల. కాబట్టి మార్పుల మీదే వేయాలి:

```
h = ρ × σS / σF = 0.69 × 420 / 470 ≈ 0.62
=SLOPE(దుగ్గిరాల_మార్పులు, ఫ్యూచర్_మార్పులు)
```

100 టన్నుల్లో 0.62 అంటే 62 టన్నులు, అంటే 12 లాట్లు.

ఇక 0.48 సంగతి. అది వేరియన్స్‌లో తగ్గే వాటా, రూపాయల్లో తగ్గేది కాదు. మీ సరుకు 1,000 క్వింటాళ్లు. హెడ్జ్ లేకపోతే వారానికి ఊగిసలాట ₹4.20 లక్షలు, 12 లాట్లతో ₹3.04 లక్షలు. రూపాయల్లో తగ్గింది 28 శాతమే.

చాలామంది చూడని విషయం ఇంకోటి. ఆర్-స్క్వేర్‌ని హెడ్జ్ పనితనంగా చదవాలంటే సరిగ్గా ఆ స్లోప్ ప్రకారమే లాట్లు పెట్టాలి. 20 లాట్లు పెడితే 0.48 మీకు వర్తించదు:

```
420² + 470² − 2 × 0.69 × 420 × 470 = 124888
√124888 ≈ 353
```

ఊగిసలాట ₹3.53 లక్షలకి చేరుతుంది, పనితనం 0.48 నుంచి 0.29కి పడిపోతుంది. అదే 12కి బదులు 13 పెడితే తేడా క్వింటాలుకి అర్ధ రూపాయి కూడా రాదు. లాట్లని బట్టి ఊగిసలాట ఎలా మారుతుందో గీస్తే, కనిష్ఠం దగ్గర ఆ గీత చదునుగా ఉంటుంది. ఒక లాటు అటో ఇటో అని బుర్ర పాడుచేసుకోకండి.

యార్డు_మాట
నేను బ్రోకరు గారి పక్షమే. వారం లెక్క చూసి 12 లాట్లంటే 40 టన్నులు గాలికి వదిలేసినట్టు. కాంట్రాక్టు గడువుకి ఫ్యూచరూ స్పాటూ కలిసి తీరాల్సిందే. యార్డు ధరలో తేమ, గ్రేడు, ఆ రోజు వచ్చిన సరుకు, ఇలా బోలెడు గోల ఉంటుంది. ఆ గోల వల్లే స్లోప్ 0.62కి దిగింది. అసలు నిష్పత్తి 1.

గుంటూరు_క్వాంట్
సగం ఒప్పుకుంటానండి. గడువుకి ఫ్యూచర్ కలిసేది నిజామాబాద్ ధరతో, దుగ్గిరాల ధరతో కాదు. కాంట్రాక్టుకి ఆధార కేంద్రం నిజామాబాద్. దుగ్గిరాలలో అమ్మేవారికి ఆ రెండు యార్డుల మధ్య తేడా చివరి రోజు దాకా మిగిలే ఉంటుంది.

గోల సంగతికొస్తే, స్పాట్ ధరలో అడ్డదిడ్డంగా ఉండే గోల ఆర్-స్క్వేర్‌ని తగ్గిస్తుంది గాని స్లోప్‌ని ఒక పక్కకి లాగదు. స్లోప్‌ని కిందికి లాగేది ఆలస్యం. యార్డు వేలం పగలు ముగుస్తుంది, ఫ్యూచర్ ముగింపు ధర సాయంత్రానిది. మధ్యాహ్నం ఫ్యూచర్ ఎగిరితే అది దుగ్గిరాలలో మర్నాడు కనిపిస్తుంది, యార్డుకి సెలవైతే ఆ తర్వాత. పరీక్ష తేలికే: ఫ్యూచర్‌లో గత వారం మార్పుని ఇంకో కాలమ్‌గా చేర్చి రిగ్రెషన్ వేయండి. దాని గుణకం చెప్పుకోదగ్గంత వస్తే ఆలస్యం ఉన్నట్టే. అప్పుడు రెండు గుణకాల మొత్తం అసలు నిష్పత్తికి దగ్గరగా ఉంటుంది.

లెక్కల_పద్దు
80 శాతం దాటకపోతే హెడ్జ్ అకౌంటింగ్ రాదు కదా? 0.48 అంటే ఆడిటరు ఒప్పుకోరు.

గుంటూరు_క్వాంట్
80 నుంచి 125 శాతం గీత పాత ఐఏఎస్ 39ది. ఇండ్ ఏఎస్ 109లో ఆ గీత లేదు. ఆర్థిక సంబంధం ఉందని చూపించాలి, పనిచేయని భాగాన్ని లాభనష్టాల్లో చూపాలి. అయినా వారు అడిగింది పద్దు గురించి కాదు, లాట్ల గురించి.

సుగంధం_ఎక్స్‌పోర్ట్
మేం డాలర్ రాబడికి ఎన్‌ఎస్‌ఈలో డాలర్-రూపాయి ఫ్యూచర్ అమ్ముతాం. స్లోప్ ఒకటికి ఆనుకునే వస్తుంది, ఎప్పుడూ పూర్తిగానే హెడ్జ్ చేస్తాం. పసుపుకి ఇంత లెక్క ఎందుకో అర్థం కాలేదు.

యార్డు_మాట
డాలర్‌కి గ్రేడు లేదు, ఊరు లేదు. పసుపుకి రెండూ ఉన్నాయి కదండీ. కొమ్ము ధర, కాయ ధర కూడా ఎప్పుడూ కలిసి నడవవు.

కృష్ణాతీరం
నాలుగేసి వారాల మార్పులు వేసి చూశాను. స్లోప్ 0.81, ఆర్-స్క్వేర్ 0.71. మరో అనుమానం: మా దగ్గర ధర ఫ్యూచర్ కన్నా ₹700 తక్కువ. అది ముందే నష్టం కాదా?

గుంటూరు_క్వాంట్
₹700 తక్కువ ఉండటం రిస్కు కాదు. అమ్మే రోజుకీ అదే ₹700 ఉంటే అంతకన్నా కావలసిందేముంది? అది ₹1,200 అయితే షార్ట్ ఉన్నా క్వింటాలుకి ₹500 పోతుంది. బేసిస్ రిస్కు అంటే ఆ మార్పే.

0.81 బాగుంది, పైగా మీరు అమ్మే గడువుకి దగ్గరి లెక్క. కానీ మూడేళ్లలో ఒకదాని మీద ఒకటి పడని నాలుగు వారాల ముక్కలు 39 మాత్రమే. స్టాండర్డ్ ఎర్రర్ సుమారు 0.085, అంటే అసలు స్లోప్ 0.64 నుంచి 0.98 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. లాట్లలో 13 నుంచి 19. ప్రతి వారం నుంచీ ఒక ముక్క మొదలుపెట్టి 150కి పైగా వరుసలు చేస్తే ఎర్రర్ తక్కువగా కనిపిస్తుంది గాని, అదే సమాచారాన్ని నాలుగుసార్లు లెక్కపెట్టినట్టే. బదులుగా ముక్కల్ని రెండో వారం నుంచి, మూడో వారం నుంచి మొదలెట్టి విడివిడిగా వేయండి. స్లోప్ ఎంత ఊగుతుందో చూడండి.

ఇంకోటి, ఫ్యూచర్ కాలమ్ ఎలా అతికించారు? ఏప్రిల్ కాంట్రాక్టు నుంచి జూన్‌కి మారిన వారం ఏప్రిల్ ధరని జూన్ ధరలోంచి తీసేస్తే, ఎవరి చేతికీ రాని మార్పు లెక్కలో పడుతుంది. ఆ వారం రెండు ధరలూ జూన్‌వే తీసుకోండి.

యార్డు_మాట
సరే, 20 కాకపోతే 16 పెట్టమంటాను. రెండు నెలల సరుకుకి 12 తక్కువే.

గుంటూరు_క్వాంట్
16కి నేను అడ్డు చెప్పను, 20కే చెప్తాను. ఎందుకంటే ఈ రిగ్రెషన్‌లో నగదు కనపడదు. 2023 లాగా ఫ్యూచర్ క్వింటాలుకి ₹5,000 ఎక్కితే 12 లాట్ల మీద ₹30 లక్షలు, 16 మీద ₹40 లక్షలు, 20 మీద ₹50 లక్షలు రోజువారీ సెటిల్‌మెంట్‌లో కట్టాలి. సరుకు మాత్రం ఇంకా కోల్డ్ స్టోరేజిలోనే ఉంటుంది. మధ్యలో డబ్బు అందక పొజిషన్ కోసేస్తే ఏ నిష్పత్తీ పనికిరాదు.

కృష్ణాతీరం
అతికింపు మీరన్నట్టే తప్పుగా ఉంది, మూడేళ్లలో ప్రతి మార్పు దగ్గరా. సరిచేసి, గత వారం కాలమ్ కూడా చేర్చి మళ్లీ వేస్తాను. అప్పటిదాకా 12 పెడుతున్నాను. ₹40 లక్షల లిమిట్ బ్యాంకు ఇస్తుందో లేదో కనుక్కున్నాకే 16 సంగతి.