1.5 వేగంలో పాఠం వింటున్నప్పుడు సబ్‌టైటిల్ ఆలస్యాన్ని మళ్లీ సరిచేయాలా?

గాజువాక విద్యార్థి: గేట్ పరీక్ష కోసం ఉష్ణగతిక శాస్త్రం పాఠాలను దింపుకొని mpv అనే వీడియో ప్లేయర్‌లో 1.5 వేగంతో చూస్తున్నాను. మాట ముందు వినిపిస్తోంది, సబ్‌టైటిల్ వెనుక వస్తోంది. z కీతో ఒకచోట సరిచేస్తే మరోచోట కుదరడం లేదు. వేగం మార్చినప్పుడల్లా ఆలస్యాన్ని కూడా మార్చాలా, లేక వేగాన్ని 1.0 దగ్గరే ఉంచాలా?

మధురవాడ మిత్రుడు: తప్పకుండా మార్చాలండి. ఇది నేను కొలిచి చూసిన విషయం. 1.5 వేగంలో ఒక మాట వినిపించిన క్షణం నుంచి ఆ మాట తెరమీద కనిపించే వరకు ఫోన్‌లోని స్టాప్‌వాచ్‌తో లెక్కపెడితే సరిగ్గా రెండు సెకన్లు వచ్చింది. z ఒక్కసారి నొక్కితే సెకనులో పదోవంతు జరుగుతుంది కాబట్టి ఇరవైసార్లు నొక్కాను, కానీ సబ్‌టైటిల్ ఇంకా వెనుకే ఉంది. ముప్పైసార్లు నొక్కాకనే కుదిరింది. కాబట్టి వేగం పెరిగే కొద్దీ ఆలస్యమూ పెరుగుతుందన్నది నా అనుభవం.

సీతమ్మధార: మధురవాడ మిత్రుడు గారి లెక్కలో ముప్పై అనే అంకె సరైనదే గాని, దానికి ఆయన చెప్పిన కారణం సరైనది కాదు. ప్లేయర్ ఈ ఆలస్యాన్ని పాఠం యొక్క కాలంలో కొలుస్తుంది, మన చేతి గడియారంలో కాదు. 1.5 వేగంలో గడియారం మీద రెండు సెకన్లు గడిచేలోగా పాఠంలో మూడు సెకన్లు గడిచిపోతాయి. అంటే ఆ ఫైలులో ఉన్న అసలు ఆలస్యం మొదటి నుంచీ మూడు సెకన్లే, అందుకే ముప్పై నొక్కులు పట్టాయి. ఆ తరువాత Backspace నొక్కి 1.0 వేగానికి వచ్చినా, `]` తో ఇంకా పైకి వెళ్లినా, తెరమీద కనిపించిన `Sub delay: -3000 ms` అనే సంఖ్యను ముట్టుకోవలసిన పని లేదు. నిజానికి వేగం పెంచితే ఆలస్యం పెద్దదిగా కాదు, చిన్నదిగా కనిపిస్తుంది, ఎందుకంటే మూడు సెకన్ల తేడా 1.5 దగ్గర రెండు సెకన్లలాగే అనిపిస్తుంది. అందుచేత సరిచేసే పనిని 1.0 వేగంలోనే చేయడం మంచిది, అక్కడ చిన్న పొరపాటు కూడా చెవికి పట్టుబడుతుంది.

దిశ విషయంలోనూ చాలామంది తడబడతారు. అక్షరాలు ఆలస్యంగా వస్తుంటే z, తొందరపడి ముందే వస్తుంటే Shift తో కలిపి z. ముప్పైసార్లు నొక్కే ఓపిక లేనివారు, ఇప్పుడే విన్న వాక్యం తెరమీదికి ఇంకా రాని క్షణంలో Ctrl+Shift+కుడి బాణం నొక్కితే, తరువాతి సబ్‌టైటిల్ అప్పటికప్పుడు కనిపించేంతగా ఆలస్యం తనంతట తానే మారుతుంది.

ఎంవీపీ కాలనీ: నా బాధ కూడా ఇదే అనుకుంటున్నాను. ఒక వాక్యం అర్థం కాక ఎడమ బాణం నొక్కితే ఐదు సెకన్లు వెనక్కి వెళ్లాలి, కానీ ఒక్కోసారి పది, పన్నెండు సెకన్లు వెనక్కి పోతోంది. సబ్‌టైటిల్ ఆలస్యాన్ని ఎంత మార్చినా ఇది తగ్గలేదు. వేగం వల్లనే అంటారా?

సీతమ్మధార: అమ్మా, అది వేరే సంగతి. స్లైడ్లను చూపించే పాఠాలలో బొమ్మ ఎక్కువగా కదలదు కాబట్టి, పూర్తి చిత్రాన్ని దాచిన ఫ్రేములు ఒకదానికొకటి చాలా సెకన్ల దూరంలో ఉండవచ్చు. మామూలుగా బాణం కీ అటువంటి ఫ్రేము దగ్గరికే వెళ్లి ఆగుతుంది. mpv కీల అమరికలుండే `input.conf` ఫైలులో ఈ రెండు వరుసలు చేరిస్తే, అడిగినంత దూరమే వెళ్తుంది, పాత కంప్యూటర్‌లో క్షణకాలం తడుముకున్నా సరే.

```
LEFT  seek -5 exact
RIGHT seek 5 exact
```

అక్కయ్యపాలెం మాస్టారు: ఇంత లెక్క అవసరమా అని అడుగుతున్నాను. తెరమీద మూడు సెకన్లు నిలిచే వాక్యం 1.5 వేగంలో రెండు సెకన్లే నిలుస్తుంది. సూత్రాలు నిండిన పాఠంలో విద్యార్థి ఆ రెండు సెకన్లలో అక్షరాలు చదవాలా, బోర్డు చూడాలా? సబ్‌టైటిల్ అవసరమైన పాఠాన్ని 1.0 లోనే వినాలని, లేదంటే సబ్‌టైటిల్ తీసేసి వినాలని నా పిల్లలకు చెబుతాను.

మధురవాడ మిత్రుడు: గడియారం విషయంలో నేను పొరబడ్డానని ఒప్పుకుంటున్నాను. కానీ మాస్టారు గారి మాటతో ఏకీభవించలేను. ఉచ్చారణ అలవాటు లేని అధ్యాపకుడి పాఠంలో సబ్‌టైటిల్ తీసేస్తే 1.0 లో కూడా సగం పోతుంది. పైగా `]` ఒక్కసారి నొక్కితే వేగం 1.1 రెట్లవుతుంది కాబట్టి, నాలుగు నొక్కులకు 1.4 కాదు, 1.46 దాటుతుంది. అది తెలియకుండా నొక్కుకుంటూ పోతే ఎవరికైనా తొందరగానే అనిపిస్తుంది.

గాజువాక విద్యార్థి: వేగం సంగతి అర్థమైంది, కృతజ్ఞతలు. అయినా నా సమస్య పోలేదు. 50వ నిమిషం దగ్గర -3000 పెట్టి సరిగ్గా కుదిర్చి, మళ్లీ 10వ నిమిషానికి వస్తే అక్షరాలు మాట కన్నా రెండున్నర సెకన్లు ముందు వస్తున్నాయి. ఆలస్యాన్ని సున్నా చేసి, 1.0 వేగంలో చూస్తే 10వ నిమిషంలో దాదాపు 0.6, 30వ నిమిషంలో 1.8, 50వ నిమిషంలో 3.0 సెకన్ల వెనుకబాటు ఉంది.

సీతమ్మధార: మూడు చోట్ల కొలవడం వల్ల చిక్కు తేలిపోయింది. పది నిమిషాలంటే 600 సెకన్లు, అక్కడ 0.6. యాభై నిమిషాలంటే 3000 సెకన్లు, అక్కడ 3.0. ప్రతి వెయ్యి సెకన్లకు ఒక సెకను చొప్పున సబ్‌టైటిల్ వెనుకబడుతోంది. సెకనుకు 29.97 ఫ్రేములున్న వీడియో ప్రతికి కట్టిన సబ్‌టైటిల్‌ను, 30 ఫ్రేములతో నడిచే ప్రతికి జతచేస్తే సరిగ్గా ఇంతే తేడా వస్తుంది. ఇటువంటిది z తో ఎన్నటికీ కుదరదు, ఎందుకంటే z మొత్తాన్ని ఒకే దూరం జరుపుతుందే గాని సాగదీయదు, కుదించదు. సబ్‌టైటిల్ కాలాలన్నింటినీ ఒక గుణకంతో తగ్గించాలి:

```
mpv --sub-speed=0.999 --sub-delay=0 lecture.mp4
```

3003వ సెకనుకు రాసిన వాక్యం అప్పుడు 3000వ సెకనుకు వస్తుంది. ఇది పాఠం వేగాన్ని మార్చదు, అక్షరాల కాలాన్నే మారుస్తుంది. ముగించేటప్పుడు Shift+q తో బయటికి వస్తే ఆగిన చోటు ఆ ఫైలుకు గుర్తుంటుంది, ఈ గుణకాన్ని మాత్రం మళ్లీ తెరిచినప్పుడల్లా ఇలాగే ఇవ్వాలి.

గాజువాక విద్యార్థి: మొదటి పాఠం మొదటి నుంచి చివరి వరకు కుదిరింది. రెండవ పాఠంలో మాత్రం 34వ నిమిషం వరకు ఏ తేడా లేదు, ఆ తరువాత చివరి దాకా ఒకే విధంగా నాలుగు సెకన్ల ఆలస్యం ఉంది.

సీతమ్మధార: అక్కడ వీడియోలో నాలుగు సెకన్ల ముక్కను కత్తిరించి ఉంటారు, గుణకం పనిచేయదు. రెండు విలువల మధ్య తిప్పే కీ ఒకటి పెట్టుకోండి:

```
F6 cycle-values sub-delay 0 -4
```

34వ నిమిషం దాటాక ఒకసారి, వెనక్కి వస్తే మరోసారి నొక్కాలి.

అక్కయ్యపాలెం మాస్టారు: వెనక్కి వచ్చిన ప్రతిసారీ గుర్తుపెట్టుకొని నొక్కడం కన్నా, సబ్‌టైటిల్ ఫైలులోనే ఆ నిమిషం నుంచి కాలాలను నాలుగు సెకన్లు తగ్గించి భద్రపరచడం మేలు.

మధురవాడ మిత్రుడు: ఒక్కసారి చూసి వదిలేసే పాఠానికి అంత పని ఎందుకండి? నేనైతే F6 తోనే సరిపెట్టుకుంటాను.