బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో కోటి రూపాయల ఫ్లాటా, 28 వేల అద్దె ఇల్లా?

ఒంగోలు శ్రీను: మేం అద్దెకుంటున్న అపార్ట్‌మెంట్‌లోనే ఒక ఫ్లాటు కోటికి అమ్మకానికి వచ్చింది. మా అద్దె 28 వేలు. చేతిలో 32 లక్షల పైచిలుకు ఉంది. కొనడమా, అద్దెకే ఉండి మిగిలేది మదుపు చేయడమా? ఇరవయ్యేళ్ళకు ఏది మేలు?

సిప్ సుబ్బారావు: ఇందులో ఆలోచించేదేముంది? 75 లక్షల అప్పు, ఎనిమిదిన్నర శాతం వడ్డీ, 20 ఏళ్ళు. ఈఎంఐ 65 వేలు. అద్దె పోను నెలకు 37 వేలు మిగులుతుంది. దాన్నీ, డౌన్ పేమెంటునూ రిజిస్ట్రేషన్ ఖర్చునూ కలిపి మ్యూచువల్ ఫండ్లలో పెట్టండి. పది శాతం వచ్చినా చివరికి 4 కోట్ల 70 లక్షలు. ఫ్లాటు అంత పలుకుతుందా?

సీతారత్నం: పెళ్ళయిన తర్వాత నాలుగిళ్ళు మారాం. ఒకసారి పిల్లవాడి పరీక్షల ముందు ఖాళీ చేయమన్నారు. వెళ్ళేటప్పుడు అడ్వాన్సులోంచి పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె పట్టుకున్నారు, గోడలు మాత్రం అలాగే ఉంచి తర్వాతి వాళ్ళకిచ్చారు. ఇది ఏ కాలిక్యులేటర్‌లో పడుతుంది?

సిప్ సుబ్బారావు: నెల అద్దె పోయిందని కోటి రూపాయలు పోస్తామా అమ్మా?

పాత చిట్టా: సుబ్బారావుగారి ఈఎంఐ సరిగ్గానే ఉంది. తేడా దగ్గరే పేచీ. 37 వేలు ఇరవయ్యేళ్ళూ అలాగే మిగులుతాయని వేశారు. బెంగళూరులో పదకొండు నెలల ఒప్పందం తిరగరాసిన ప్రతిసారీ అద్దె పెరుగుతుంది, ఈఎంఐ మాత్రం వడ్డీ రేటు మారితే తప్ప కదలదు. ఏటా ఆరు శాతం పెరుగుదల వేసి చూడండి. పదకొండో ఏట అద్దె 50 వేలు, మిగిలేది 15 వేలు. పదహారో ఏట అద్దె 67 వేలు దాటి ఈఎంఐనే మించుతుంది. అక్కడి నుంచి మదుపు చేయడానికి మిగిలేదేమీ లేదు, దాచిందాంట్లోంచే తీసి అద్దె కట్టాలి.

ఇలా ఏ ఏటికాయేడు తేడా వేస్తే, పన్ను పోగా పది శాతం రాబడి మీద చివరికి చేతికొచ్చేది సుమారు 3 కోట్ల 70 లక్షలు. అంటే కోటి రూపాయలు కాగితం మీదే పుట్టి కాగితం మీదే పోయాయి. ఫ్లాటు విలువ ఏటా ఆరు శాతం పెరిగితే 3 కోట్ల 20 లక్షలు, అద్దెదే పైచేయి. ఏడు శాతమైతే 3 కోట్ల 87 లక్షలు, అప్పుడు కొన్నవాళ్ళదే. రాబడి ఎనిమిది శాతానికి తగ్గితే అద్దెదారుకు మిగిలేది 2 కోట్ల 65 లక్షలే. ఇంటి పన్ను, మరమ్మతులు ఇందులో వేయలేదు, అవి వేస్తే ఫ్లాటు ఇంకాస్త వెనక్కి జరుగుతుంది.

కోరమంగళ కిరణ్: ఇంటి అప్పు వడ్డీకి పన్ను మినహాయింపు మరిచారు.

పాత చిట్టా: సొంతంగా ఉండే ఇంటికి ఆ రెండు లక్షల మినహాయింపు పాత పన్ను విధానంలోనే. కొత్త విధానంలో ఉన్నవారికి రాదు.

సిప్ సుబ్బారావు: అద్దె ఆరు శాతం పెరగాలని ఎవరన్నారు? మా ఓనరు మూడేళ్ళుగా పైసా పెంచలేదు. మీరు కావాలనే అద్దెను భయంకరంగా చూపిస్తున్నారు.

పాత చిట్టా: నాలుగు శాతమే వేయండి, నాకు అభ్యంతరం లేదు. సున్నా మాత్రం వేయకండి. ఇంకో మాట, ఈఎంఐ బ్యాంకు ముక్కు పిండి వసూలు చేస్తుంది. మీ 37 వేలను ఎవరు వసూలు చేస్తారు? కిందటేడు సిప్ ఎన్ని నెలలు ఆపారు?

సిప్ సుబ్బారావు: అది మా చెల్లెలి పెళ్ళి ఖర్చు! వ్యక్తిగత విషయాలు తీయకండి. అయినా నాకు ఈ ఊళ్ళో ఇల్లెందుకు? పిల్ల చదువు అయిపోగానే నంద్యాల వెళ్ళిపోతాం. అక్కడ నాన్నగారి ఇల్లుంది.

సీతారత్నం: అదీ సంగతి! మీకు వెనక ఇల్లుంది కాబట్టి అద్దె గొప్పగా కనిపిస్తోంది. మాకు ఊళ్ళో సెంటు నేల లేదు. ఇరవై ఒకటో ఏట మీరు నంద్యాలలో ఉంటారు, మేం 90 వేల అద్దె కట్టాలి.

పాత చిట్టా: ఆ అద్దె 3 కోట్ల 70 లక్షల మీద ఏడాదికి మూడు శాతం లోపే, కాబట్టి గడుస్తుంది. కానీ ఆ డబ్బును ఎవరూ ముట్టుకోకుండా ఉంచితేనే.

సీతారత్నం: మా ఇంట్లో ముట్టుకుంటారు.

ఒంగోలు శ్రీను: అందరికీ ధన్యవాదాలు. మేం తిరిగి వెళ్తామో లేదో ఇంట్లో ఇంకా తేలలేదు. ఆ అపార్ట్‌మెంట్ కట్టి తొమ్మిదేళ్ళయింది. పాత ఫ్లాటుకు ఏడు శాతం పెరుగుదల ఆశించవచ్చా?

పాత చిట్టా: పెరిగేది నేల, పాతబడేది కట్టడం. ఆ ఫ్లాటుకు అవిభాజ్య వాటాగా ఎన్ని చదరపు అడుగుల నేల రాశారో సేల్ డీడ్‌లో చూసి చెప్పండి. నగరపాలక సంస్థ ఆస్తి రికార్డులో అది ఎ ఖాతానా, బి ఖాతానా అన్నది కూడా.