"ట్రాన్స్" అంటే ఎదురుగా ఉన్నదా, అవతల ఉన్నదా?

బలపం: ఇంటర్ కెమిస్ట్రీ నోట్సు ఒకటి తెలుగులో సరిచూస్తున్నాను. ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. "ట్రాన్స్ ఐసోమర్‌లో రెండు క్లోరిన్‌లు ఎదురెదురుగా ఉంటాయి కాబట్టి ద్విధ్రువ భ్రామకం సున్నా." ఇదే వాక్యం 1,2-డైక్లోరోఈథీన్ కిందా ఉంది, 1,2-డైక్లోరోసైక్లోహెక్సేన్ కిందా ఉంది. రెండో చోట నాకు అనుమానంగా ఉంది. తప్పు కెమిస్ట్రీదా, "ఎదురెదురుగా" అన్న మాటదా?

పొలిమేర: మాటలో తప్పేమీ లేదండీ. ఒకటి పైకి, ఒకటి కిందికి ఉంటే రెండు సదిశలూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. డైక్లోరోఈథీన్‌లో సిస్‌కి 1.90 డిబై, ట్రాన్స్‌కి సున్నా. రెండు వైపులా ఒకే పరమాణువు ఉంటే ట్రాన్స్ ఎప్పుడూ సున్నాయే. వలయమైనా అంతే.

దీపస్తంభం: అసలు "భ్రామకం" అనే మాటే నాకు ఎబ్బెట్టుగా ఉంది. ఇక్కడ తిరిగేదేముంది? "ద్విధ్రువ బలం" అంటే పోదా?

కొలబద్ద: దీపస్తంభం గారూ, తిరిగేది ఉంది. విద్యుత్ క్షేత్రంలో పెడితే ఆ అణువును తిప్పే ప్రయత్నం జరుగుతుంది, ఆ తిప్పుడు μE sinθ. అందుకే భ్రామకం. బలం అనకూడదు, దాని ప్రమాణాలే వేరు. కానీ బలపం గారు అడిగింది ఇది కాదు.

బలపం గారూ, మీ అనుమానం సరైనదే. ఆ మాటే తప్పుదోవ పట్టిస్తోంది. లాటిన్‌లో సిస్ అంటే ఇవతల, ట్రాన్స్ అంటే అవతల. రెండూ పక్కను చెప్పే మాటలు, దిశను చెప్పవు. ఏరుకు అవతలి ఒడ్డున ఉన్న మనిషి ఏ దిక్కుకు చూస్తున్నాడో "అవతల" అన్న మాట చెప్పదు కదా. "ఎదురు" అనగానే మాత్రం మనకు పక్కా, దిశా కలిసిపోతాయి.

ఈథీన్‌లో ఆ కలయిక వల్ల నష్టం లేదు. అణువంతా ఒకే తలంలో ఉంటుంది. ట్రాన్స్‌లో రెండు C–Cl బంధాలూ సమాంతరం, దిశలు సరిగ్గా వ్యతిరేకం, కోణం 180°. పక్క అవతల, దిశా ఎదురు. సైక్లోహెక్సేన్ బల్లపరుపుగా ఉండదు, కుర్చీ రూపంలో ఉంటుంది. అక్కడ ఈ రెండూ విడిపోతాయి.

లెక్క వేసి చూద్దాం. పక్కపక్క కార్బన్‌ల మీది రెండు C–Cl బంధాలను C1–C2 బంధం వెంబడి ఒక కంటితో చూడండి. వాటి మధ్య కనిపించే మెలి కోణాన్ని φ అనుకుంటే, చతుర్ముఖీయ కార్బన్‌లకు సదిశల అసలు కోణం ఇలా వస్తుంది:

```
cosθ = -1/9 + (8/9) cosφ
```

ట్రాన్స్‌లో రెండూ ఆక్సియల్ అయితే, అంటే వలయానికి నిలువుగా పైకీ కిందికీ ఉంటే, φ = 180°, cosθ = -1. అప్పుడు నిజంగానే సున్నా. రెండూ ఈక్వటోరియల్ అయితే, అంటే వలయం అంచు నుంచి పక్కలకు చాచినట్టు ఉంటే, గడియారంలో 12కీ 2కీ మధ్య ఉన్నట్టు φ = 60°. అప్పుడు cosθ = 1/3, θ సుమారు 70.5°. ఒక్కో C–Cl కి 2 డిబై వేసుకుంటే

```
μ = √(2² + 2² + 2·2·2·(1/3)) ≈ 3.27 D
```

ట్రాన్సే, కానీ సున్నా కాదు. ఇంకోటి చూడండి. సిస్‌లో ఒకటి ఆక్సియల్, ఒకటి ఈక్వటోరియల్. అక్కడా φ = 60°యే, అంటే అదే 3.27. కుర్చీ తిరగబడ్డా ఆక్సియల్, ఈక్వటోరియల్ స్థానాలు మారతాయి గానీ విలువ మారదు. ఈ లెక్కలో సిస్‌కీ, ఈక్వటోరియల్ ట్రాన్స్‌కీ తేడాయే లేదు.

పొలిమేర: బల్లపరుపు షడ్భుజి గీసి, ముందుకి ఒక గీతా, వెనక్కి ఒక గీతా పెట్టి లెక్క వేశాను. అక్కడే పొరబడ్డానన్నమాట. మరి 1,4 లో?

కొలబద్ద: అందులో మీ మాట నిలుస్తుంది. ట్రాన్స్-1,4 లో రెండూ ఈక్వటోరియల్ అయినా, రెండూ ఆక్సియల్ అయినా బంధాలు సమాంతరంగా, ఎదురు దిశల్లో ఉంటాయి. ఏ కుర్చీలో చూసినా సున్నాయే. అందుకే నియమం "ట్రాన్స్" అన్న పేరును పట్టుకుని ఉండకూడదు, కోణాన్ని పట్టుకుని ఉండాలి.

బలపం: అయితే ట్రాన్స్-1,2 కి "3.27" అని రాసెయ్యనా? లేక సున్నాకీ దానికీ సగటు 1.63 వెయ్యనా?

కొలబద్ద: రెండూ వద్దు. ద్రావణంలో ఈ అణువు రెండు కుర్చీల మిశ్రమంగా ఉంటుంది, కొలిచే విలువ ఆ రెంటికీ నడుమ పడుతుంది. అయితే డైఎలెక్ట్రిక్ కొలతలో చేరేది μ కాదు, μ². కాబట్టి సగటు వెయ్యాల్సింది వర్గాలకు. సగం సగం ఉన్నాయనుకుంటే √(0.5 × 3.27²) = 2.31 డిబై వస్తుంది, 1.63 కాదు. ఇదే పొరపాటు తిరగేసి జరిగితే ఇంకా చేటు. కొలతలో 2.31 వచ్చినప్పుడు దాన్ని నేరుగా 3.27తో భాగిస్తే "71 శాతం ఈక్వటోరియల్" అని తేలుతుంది, నిజానికి ఉన్నది 50. పైగా ద్రావణి మారితే ఈ పాళ్లు మారతాయి. ధ్రువ ద్రావణిలో ఎక్కువ భ్రామకం ఉన్న ఈక్వటోరియల్ రూపం వాటా పెరుగుతుంది. కాబట్టి ఏ ద్రావణిలో కొలిచారో రాయకుండా ఒక్క అంకె ఇవ్వకండి.

నాగటిచాలు: నా దగ్గరున్న జవాబుల కీలో 1-క్లోరోప్రొపీన్‌కి "సిస్ ఎక్కువ, ట్రాన్స్ తక్కువ" అని ఉంది. అది ఆల్కీనే కదా, సరిపోతుందా?

కొలబద్ద: సరిపోదు, తలకిందులుగా ఉంది. మిథైల్ ఎలక్ట్రాన్‌లను ద్విబంధం వైపు నెడుతుంది, క్లోరిన్ తనవైపు లాక్కుంటుంది. ట్రాన్స్‌లో ఆ నెట్టుడూ ఈ లాగుడూ ఒకే దిశలో పడి కలిసిపోతాయి. భ్రామకం ట్రాన్స్‌కే ఎక్కువ. బాణాలు వేసేటప్పుడు ఒక జాగ్రత్త. కెమిస్ట్రీ పుస్తకాల్లో బాణం ధనం నుంచి ఋణానికి, ఫిజిక్స్‌లో ఋణం నుంచి ధనానికి. ఏది పాటించినా పరిమాణం ఒకటే వస్తుంది. మిథైల్‌కి ఒక పద్ధతి, క్లోరిన్‌కి ఇంకో పద్ధతి వేస్తే ఇలాంటి కీలే తయారవుతాయి.

పొలిమేర: మరి సిస్-డైక్లోరోఈథీన్‌కి ఈ కూడిక సరిగ్గా వస్తుందా? క్లోరోఈథీన్ 1.45 తీసుకుని, కోణం 60° వేస్తే 1.73 రెట్లు, అంటే 2.5 వస్తోంది. కొలిచింది 1.90 కదా.

కొలబద్ద: మంచి చోట పట్టుకున్నారు. Cl–C=C కోణం 120° కన్నా కొంచెం ఎక్కువ. దానివల్ల సదిశల మధ్య కోణం విప్పారి కొంత తగ్గుతుంది, కానీ ఆ తగ్గుదల స్వల్పం. పెద్ద కారణం వేరే. దగ్గరగా, ఇంచుమించు ఒకే వైపు చూసే రెండు ద్విధ్రువాలు ఒకదాన్నొకటి బలహీనపరుస్తాయి. కూడికలో ఆ సంగతి లేదు. ఏ ఐసోమర్‌కి ఎక్కువో చెప్పడానికి సదిశల కూడిక బాగా పనికొస్తుంది, రెండో దశాంశానికి పనికిరాదు. పైన వేసిన 3.27 ని కూడా అలాగే చూడండి.

బలపం: ఇలా మార్చాను: "ట్రాన్స్-1,2-డైక్లోరోఈథీన్‌లో C–Cl బంధాలు ద్విబంధానికి అవతలా ఇవతలా, వ్యతిరేక దిశల్లో ఉంటాయి కాబట్టి ఫలిత భ్రామకం సున్నా." సైక్లోహెక్సేన్ కింద: "ట్రాన్స్-1,2 లో క్లోరిన్‌లు వలయ తలానికి అవతలా ఇవతలా ఉంటాయి. భ్రామకం కుర్చీ రూపాన్ని బట్టి ఉంటుంది."

పొలిమేర: "వలయ తలం" అంటే మళ్లీ బల్లపరుపు షడ్భుజే గుర్తొస్తుంది.

కొలబద్ద: అవును. "వలయపు సగటు తలం" అనండి. రెండూ ఈక్వటోరియల్ అయినప్పుడు క్లోరిన్‌లు ఆ తలానికి కొద్దిగా పైన ఒకటి, కొద్దిగా కింద ఒకటి ఉంటాయి, అంతే.

దీపస్తంభం: ఈక్వటోరియల్‌కి "భూమధ్యరేఖీయ" అని కొన్ని చోట్ల చూశాను. వలయంలో భూమి ఎక్కడ? "నడుము వెంబడి" అంటే బొమ్మ కళ్లకు కడుతుంది.

బలపం: "అక్షం వెంబడి, నడుము వెంబడి" జత బాగుంది. పరీక్ష రాసే పిల్లలు ఆ మాట రాస్తే దిద్దేవారు ఒప్పుకుంటారా అన్నదే నా బెంగ. ప్రస్తుతానికి ఈక్వటోరియల్ అనే ఉంచుతున్నాను.