"హావింగ్ ఫినిష్డ్ హిజ్ వర్క్": ఫ్రేజా, క్లాజా?

శ్రీలత
డీఎస్సీకి ప్రిపేర్ అవుతున్నాను. మోడల్ పేపర్లో "హావింగ్ ఫినిష్డ్ హిజ్ వర్క్, హి వెంట్ హోమ్" అని ఇచ్చి, కామాకు ముందున్న భాగం ఏమిటని అడిగారు. ఆప్షన్లలో పార్టిసిపియల్ ఫ్రేజ్ ఉంది, నాన్ ఫైనైట్ క్లాజ్ కూడా ఉంది. కోచింగ్ సార్ ఫ్రేజ్ అంటున్నారు. మా అక్క ఎం.ఏ.లో క్లాజ్ అని చదివిందట. ఏది పెట్టాలి?

భాస్కర్ మాస్టారు
ఫ్రేజే. అనుమానం అక్కర్లేదమ్మా. చూడాల్సింది ఒక్కటే, అందులో ఫైనైట్ వెర్బ్ ఉందా లేదా. "హి వెంట్" తీసేసి "హి విల్ గో" అను, "దే విల్ గో" అను. "హావింగ్ ఫినిష్డ్" ఉలకదు, పలకదు. అదే "వెన్ హి హాడ్ ఫినిష్డ్ హిజ్ వర్క్" అని ఉంటే, "విల్ గో" పెట్టగానే "హాడ్" కాస్తా "హాజ్" అవుతుంది, "దే" పెడితే "హావ్" అవుతుంది. కాలానికీ కర్తకీ లొంగి మారేది ఉంటేనే క్లాజ్. ముప్ఫై ఏళ్లు ఇదే చెప్పాను, పిల్లలు తడబడలేదు.

కిరణ్
ఇంత అవసరం లేదు. ఉత్త ఇంగ్ వస్తే జెరండ్, హావింగ్ వస్తే పార్టిసిపుల్. కళ్లు మూసుకుని పెట్టేయొచ్చు.

వసుధ
కిరణ్ గారూ, దీన్ని నమ్మి పరీక్షకు వెళ్లొద్దు. "హి డినైడ్ హావింగ్ స్టోలెన్ ద మనీ" చూడండి. అక్కడ హావింగ్ ఉంది, అయినా జెరండే. దాని స్థానంలో "ఇట్" పెట్టి "హి డినైడ్ ఇట్" అనొచ్చు, అంటే నామవాచకం ఉండాల్సిన చోట కూర్చుంది. శ్రీలత వాక్యంలో "ఇట్, హి వెంట్ హోమ్" అంటే నిలవదు. రూపాన్ని కాదు, వాక్యంలో అది చేస్తున్న పనిని చూడాలి.

ఇక మాస్టారూ, అది ఫైనైట్ కాదన్న మీ మాట నిజమే. కానీ ఫైనైట్ కాకపోతే క్లాజ్ ఎందుకు కాకూడదు? "ఫినిష్డ్" కి "హిజ్ వర్క్" అనే ఆబ్జెక్ట్ ఉంది. ముందు "నాట్" పెట్టొచ్చు, వెనక "క్విక్లీ" చేర్చొచ్చు. ముగించింది ఎవరో చెప్పకపోయినా మనకు తెలుస్తోంది. అందుకే 1985లో క్వర్క్, ఆయన సహచరులు రాసిన పెద్ద వ్యాకరణం క్లాజుల్ని ఫైనైట్, నాన్ ఫైనైట్, అసలు వెర్బే లేనివి అని మూడుగా విడదీసింది. 2002లో హడల్‌స్టన్, పుల్లమ్ అయితే జెరండ్, పార్టిసిపుల్ అని ఆ ఇంగ్ రూపాన్ని రెండుగా చీల్చడమే అనవసరమన్నారు.

నవీన్
ఆప్షన్లో ఫ్రేజ్ ఉంటే ఫ్రేజ్ పెట్టి ముందుకెళ్లండి. టైమ్ వేస్ట్.

రమేష్
నవీన్ గారికి తేలిగ్గానే ఉంటుంది. నేను ఒక పరీక్షలో ఇలాంటి బిట్‌కే క్లాజ్ పెట్టాను. కీలో ఫ్రేజ్ వచ్చింది. అబ్జెక్షన్ పెట్టాను, పుస్తకం పేజీ కూడా జత చేశాను. ఫైనల్ కీ మారలేదు, కారణం కూడా చెప్పలేదు. సరిగ్గా చదివినవాడికి మార్కు పోయింది.

భాస్కర్ మాస్టారు
రమేష్, మీ బాధ అర్థమైంది. కానీ కీ తప్పు కాదు. "సింపుల్ సెంటెన్స్‌ను కాంప్లెక్స్‌గా మార్చుము" అని ప్రశ్న ఇస్తాం కదా. "హావింగ్ ఫినిష్డ్" వాక్యం సింపుల్, "వెన్ హి హాడ్ ఫినిష్డ్" కాంప్లెక్స్. వసుధ గారన్నట్టు మొదటిదీ క్లాజే అయితే రెండూ కాంప్లెక్సే. అప్పుడు పిల్లాడు దేన్ని దేనిగా మార్చాలి?

సుబ్బలక్ష్మి
నేను తెలుగు చెబుతాను, మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. "రాము పని ముగించి ఇంటికి వెళ్లాడు" అన్నదాన్ని పదో తరగతిలో సంక్లిష్ట వాక్యం అని నేర్పుతాం. ముగించి అసమాపకం, వెళ్లాడు సమాపకం. తర్వాతి పీరియడ్‌లో ఇంగ్లిష్ సార్ అదే వాక్యాన్ని ఇంగ్లిష్‌లో ఇచ్చి సింపుల్ అంటారు. పిల్లలు ఏది నమ్మాలని నన్నే అడుగుతారు.

భాస్కర్ మాస్టారు
అమ్మా, తెలుగు లెక్క వేరు, ఇంగ్లిష్ లెక్క వేరు. కలిపితేనే గందరగోళం.

వసుధ
కలపకపోయినా గందరగోళం ఇంగ్లిష్‌లోనే ఉంది మాస్టారూ. "ద సన్ హావింగ్ సెట్, దే వెంట్ హోమ్" తీసుకోండి. వెళ్లింది వాళ్లు, అస్తమించింది సూర్యుడు. అక్కడ "ద సన్" అనే సొంత సబ్జెక్ట్ ఉంది, దాని గురించి చెప్పే మాటా ఉంది. సబ్జెక్ట్, ప్రెడికేట్ ఉన్నదే క్లాజ్ అని తరగతిలో నేర్పేదీ మీరే. ఆ నిర్వచనం ప్రకారమే ఇది క్లాజ్ కదా?

భాస్కర్ మాస్టారు
దాన్ని అబ్సల్యూట్ ఫ్రేజ్ అంటారు. ఎప్పటినుంచో ఉన్న పేరు.

వసుధ
పేరు అడగలేదు. నిర్వచనం ఏమైందని అడిగాను.

భాస్కర్ మాస్టారు
ప్రెడికేట్ అన్నప్పుడే అందులో ఫైనైట్ వెర్బ్ ఉండాలన్నది లోపల ఉన్న షరతు. దాన్ని విడిగా చెప్పనవసరం లేదు.

వసుధ
చెప్పకుండా ఉంచిన షరతుకే రమేష్ గారి మార్కు పోయింది!

సుబ్బలక్ష్మి
మా దగ్గరా ఇలాంటిదే ఒకటి ఉంది. క్త్వార్థకానికీ, చివరి క్రియకూ కర్త ఒకడే ఉండాలని చెబుతాం. కానీ "వర్షాలు కురిసి చెరువులు నిండాయి" అంటే ఎవరికీ తప్పనిపించదు. కురిసింది వర్షాలు, నిండింది చెరువులు. మొదటిది రెండోదానికి కారణమైతే కర్త మారినా చెల్లుతోంది. "వాడు వచ్చి నేను వెళ్లాను" అంటే మాత్రం చెవికి ఎక్కదు. ఆ ఒక్కదాని కోసం సూత్రాన్నే తీసేయలేదు, పక్కన చెప్పుకుంటున్నాం.

భాస్కర్ మాస్టారు
నేను అంటున్నదీ అదే. వసుధ గారూ, మీరు యూనివర్సిటీలో కూర్చుని మాట్లాడుతున్నారు. నా పిల్లలకు ఇంట్లో ఇంగ్లిష్ వినపడదు. వాళ్లకు చేతికి దొరికే పరీక్ష ఒకటి కావాలి. మార్చి చూడు, మారితే క్లాజ్, మారకపోతే ఫ్రేజ్. దాన్ని లాక్కుని బదులుగా ఏమిస్తారు? మూడు రకాల క్లాజులా?

వసుధ
నేను కూడా జిల్లా పరిషత్ బడిలోనే చదివాను మాస్టారూ. ఫైనైట్ పరీక్ష తీసేయమని నేను ఎక్కడా అనలేదు. మారేది ఫైనైట్, మారనిది నాన్ ఫైనైట్ అని నేర్పండి, అది చక్కగా నిలుస్తుంది. మారనిదంతా ఫ్రేజ్ అన్న రెండో మాటే వద్దంటున్నాను. "వాకింగ్ ఆన్ ద రోడ్, ఎ డాగ్ బిట్ హిమ్" అని పిల్లాడు రాస్తే తప్పని దిద్దుతారు. నడిచింది కుక్క అన్న అర్థం వస్తుందనే కదా? అంటే "వాకింగ్" కి కనపడని కర్త ఉందని మీరే ఒప్పుకుని దిద్దుతున్నారు.

భాస్కర్ మాస్టారు
దిద్దుతాను. అయినా దాన్ని పార్టిసిపియల్ ఫ్రేజ్ అనే దిద్దుతాను. ఆ కర్త పార్టిసిపుల్‌కు అంటుకుని వచ్చేది, క్లాజ్ అవ్వాలంటే అది చాలదు.

రమేష్
మీ ఇద్దరిలో ఎవరు గెలిచినా నాకు ఫర్వాలేదు. రెండు పద్ధతుల పేర్లూ ఒకే బిట్‌లో ఆప్షన్లుగా ఎలా పెడతారు? అది రాసినవాళ్ల తప్పు.

వసుధ
ఇక్కడ రమేష్ గారితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. "అండర్‌లైన్ చేసిన వెర్బ్ ఫైనైటా, నాన్ ఫైనైటా" అని అడిగితే ఇద్దరం ఒకే జవాబు పెట్టేవాళ్లం.

భాస్కర్ మాస్టారు
ఆ మాట ఒప్పుకుంటాను. బిట్ బాగాలేదు. శ్రీలతా, మీ సిలబస్‌లో సింపుల్, కాంపౌండ్, కాంప్లెక్స్ మార్పిడి ఉందేమో చూడు. ఉంటే పేపర్ పాత పద్ధతిలో రాసినట్టు లెక్క, ఫ్రేజ్ పెట్టు.

శ్రీలత
ఉంది మాస్టారూ, ఫ్రేజ్ పెడతాను. కానీ అదే పేపర్లో "ఐ వాంట్ హిమ్ టు గో" ఇచ్చి "హిమ్ టు గో" ఏమిటని అడిగారు. దీనికీ ఫ్రేజేనా?

వసుధ
నా లెక్కలో క్లాజ్. "హిమ్" వెళ్లేవాడు.

భాస్కర్ మాస్టారు
"హిమ్" అనేది "వాంట్" కి ఆబ్జెక్ట్, "టు గో" ఇన్ఫినిటివ్. అసలు ఆ రెండింటినీ కలిపి గీత గీయడమే నేను ఒప్పుకోను.