1400 కేవీ మోటార్లకు 10 అంగుళాల ప్రొపెల్లర్లు వేయవచ్చా?

కాకినాడ కుర్రాడు
నా డ్రోన్‌ది ఎఫ్450 ఫ్రేమ్, 2212 సైజు 1400 కేవీ మోటార్లు, 8 అంగుళాల ప్రొపెల్లర్లు, మోటార్ల వేగాన్ని నడిపే 30 ఆంప్ ఈఎస్‌సీలు, మూడు సెల్‌ల 3ఎస్ 5200 ఎంఏహెచ్ బ్యాటరీ. అన్నీ కలిపి 1600 గ్రాములు. గాలి లేనప్పుడు పైన ఒకచోట నిలబెడితే 22 ఆంప్స్ తీసుకుంటోంది. 11 నిమిషాలకు దించేస్తున్నాను. దీనిమీద ఇంకో 250 గ్రాముల కెమెరా పెట్టాలి. ప్రొపెల్లర్లు 10 అంగుళాలవి వేస్తే చాలా, మోటార్లు కూడా మార్చాలా?

నిదానం
తమ్ముడూ, రోగం ప్రొపెల్లర్‌లో లేదు, కేవీలో ఉంది. కేవీ అంటే ఒక్కో వోల్టుకు మోటారు నిమిషానికి తిరిగే చుట్లు, 1400 అంటే బ్యాటరీని తాగేసే మోటారు. 920 కేవీవి బిగించు, 8 అంగుళాలవే ఉంచినా అయిదు నిమిషాలు పెరుగుతాయి. నేను చేసి చూసిన పనే చెబుతున్నాను.

టంకం
అలా చేస్తే కెమెరాతో నేలమీంచి లేవడమే కష్టం. 920 కేవీ మోటారు 3ఎస్ మీద 8 అంగుళాల ప్రొపెల్లర్‌ను ఎంత తిప్పినా, ఫుల్ థ్రాటిల్‌లో పైకి లేపే బలం, అంటే థ్రస్ట్, 500 గ్రాముల దరిదాపుల్లో ఆగిపోతుంది. కెమెరా పెట్టాక ఒక్కో మోటారు మోయాల్సిన బరువే 460 గ్రాములు.

అసలు ప్రొపెల్లర్ మార్చకుండా కేవీ ఒక్కటే తగ్గిస్తే నిలబడినప్పుడు ఖర్చు ఎందుకు తగ్గుతుంది? అంతే బరువు మోయాలంటే ఆ ప్రొపెల్లర్ అంతే వేగంతో తిరగాలి. దాన్ని తిప్పేది 920 అయినా 1400 అయినా ప్రొపెల్లర్‌కు తెలియదు. 1400 మోటారు తక్కువ థ్రాటిల్‌లో ఆ వేగం అందుకుంటుంది, 920 ఎక్కువ థ్రాటిల్‌లో అందుకుంటుంది. ఈఎస్‌సీలో పోయే నష్టం కొద్దిగా తగ్గుతుంది, నిజమే. దానికి అయిదు నిమిషాలు రావు.

వేగం5
నా 5 అంగుళాల రేసింగ్ డ్రోన్‌లో 4ఎస్ మీద 2400 కేవీ. ఎగిరేది నాలుగే నిమిషాలు, కానీ ఆ మజాయే వేరు. 1400 కేవీ ఎక్కువ అంటే నవ్వొస్తోంది.

నిదానం
వేగం5 గారూ, ఇక్కడ ఎవరూ పల్టీలు కొట్టడం గురించి అడగలేదు.

టంకం గారూ, మీరు కాగితం మీద లెక్క చెబుతున్నారు, నేను డబ్బు పోగొట్టుకుని చెబుతున్నాను. "నంబరు పెద్దదైతే బలం ఎక్కువ సార్" అని ఒక దుకాణంలో నాకు అంటగట్టింది కూడా ఈ 1400 కేవీలే. 10 అంగుళాలవి వేసి కాలేజీ పోటీకి తీసుకెళ్లాను. ఇంట్లో పది నిమిషాలు నిలబెట్టినప్పుడు చల్లగానే ఉన్నాయి. పోటీలో ఒక్కసారి థ్రాటిల్ పైకి తోశాను, వార్నిష్ కాలిన వాసన వచ్చింది, రెండు మోటార్లు పోయాయి. తరువాత 920 పెట్టాను, 10 నిమిషాలు కాస్తా 15 అయ్యాయి. దీనికేమంటారు?

టంకం
ఆ 10 నిమిషాలు ఏ ప్రొపెల్లర్‌తో వచ్చాయి?

నిదానం
మొదట్లో వాడిన 8 అంగుళాలవాటితో. 920 పెట్టినప్పుడు 10 వేశాను. అయితే ఏమిటి?

టంకం
అయితే మీకు సమయం పెంచింది ప్రొపెల్లర్. 920 చేసిన మేలు, ఆ ప్రొపెల్లర్‌తో కాలిపోకుండా ఉండటం.

ఇంట్లో చల్లగా ఉండి పోటీలో కాలిందని మీరే చెప్పారు. నిలబడినప్పుడు 1400 మోటారుకు 10 అంగుళాలు భారం కాదు. థ్రాటిల్ పూర్తిగా ఇస్తే మాత్రం అది నిమిషానికి 15,000 చుట్ల వైపు పరుగు తీస్తుంది, ఆ ప్రొపెల్లర్‌ను అంత వేగంతో తిప్పే శక్తి 2212 సైజు మోటారుకు లేదు. కరెంటు 30 ఆంప్స్ దగ్గరికి పోతుంది, తీగ వేడెక్కుతుంది. కాబట్టి ప్రొపెల్లర్‌ను నిలబడేటప్పటి ఖర్చు చూసి ఎంచుకోవాలి, కేవీని ఆ ప్రొపెల్లర్‌తో ఫుల్ థ్రాటిల్‌లో వచ్చే కరెంటు చూసి ఎంచుకోవాలి.

కుర్రాడి లెక్కకు వద్దాం. బరువు మారకపోతే నిలబడటానికి కావలసిన శక్తి ప్రొపెల్లర్ వ్యాసం పెరిగిన కొద్దీ తగ్గుతుంది. 8 నుంచి 10 అంటే అయిదో వంతు తగ్గుదల. 22 ఆంప్స్ సుమారు 17.5 అవుతాయి, బ్యాటరీలో 80 శాతమే వాడితే 14 నిమిషాలు. కెమెరా పెడితే బరువు ఆరో వంతు పెరుగుతుంది, ఖర్చు మాత్రం దాదాపు నాలుగో వంతు పెరుగుతుంది. మళ్లీ 22 ఆంప్స్, మళ్లీ 11 నిమిషాలు. కొత్త మోటార్లు, కొత్త ప్రొపెల్లర్లు కొన్నాక కెమెరా ఉచితంగా మోసినట్టు, అంతే. ఇవి మార్చకుండా కెమెరా పెడితే 9 నిమిషాలు.

మెకానిక్ బాబాయి
12 అంగుళాలు వేయరాదా? పెద్దది మంచిదంటున్నారుగా.

టంకం
450 ఫ్రేమ్‌లో పక్కపక్క మోటార్ల మధ్య దూరం 318 మిల్లీమీటర్లు. 12 అంగుళాలంటే 305. కొనల మధ్య వేలు కూడా పట్టదు.

కాకినాడ కుర్రాడు
రెండో బ్యాటరీ కలిపితే?

టంకం
ఇంకో 400 గ్రాములు మోయాలి. సామర్థ్యం రెట్టింపవుతుంది, సమయం మాత్రం 50 శాతానికి మించి పెరగదు. థ్రస్ట్ మిగులు చాలావరకు పోతుంది.

భీమిలి గాలి
అదిగో, ఇప్పుడు అసలు మాట వచ్చింది. ఇంతసేపూ ఇద్దరూ నిమిషాలే లెక్కపెట్టారు. 920 మోటారు, 10 అంగుళాలు, 3ఎస్ మీద ఒక్కోదానికి 800 గ్రాములు అనుకుందాం. నాలుగూ కలిపి 3200. బరువు 1850. రెట్టింపు కూడా లేదు. మధ్యాహ్నం సముద్రం ఒడ్డున ఎగరేస్తే దాన్ని వెతకడానికి పడవ కావాలి.

టంకం
సర్వే ఫొటోలకు బరువుకు 1.7 రెట్ల థ్రస్ట్ చాలు. పొద్దున ఏడు గంటలకు ఎగరేస్తారు, ఎవరూ తుపానులో ఎగరేయరు.

భీమిలి గాలి
మీ 1.7 నిండు బ్యాటరీది. చివరి నిమిషాల్లో 3ఎస్ 10.5 వోల్టులకు పడితే థ్రస్ట్‌లో నాలుగో వంతు పోతుంది. ఇంటికి ఎదురుగాలిలో రావాల్సింది అప్పుడే. నాది ఒకటి అలాగే పోయింది. లాగ్ తీస్తే, మోటార్లకు వెళ్లిన సంకేతాలు చూపే `RCOU`లో ఒక మోటారు 1950 దగ్గర, అంటే దాదాపు ఫుల్‌లో, అతుక్కుపోయి ఉంది, మిగతావి దానికోసం తగ్గుతున్నాయి. ముక్కు పక్కకు తిరిగింది, ఆ తరువాత పల్టీ.

టంకం
మీకు గాలి పిచ్చి పట్టింది.

భీమిలి గాలి
మీకు నిమిషాల పిచ్చి. మీ డ్రోన్ ఎప్పుడైనా నీళ్ల మీద ఎగిరిందా?

టంకం
లేదు. మావి పొలాలు, పడినా అక్కడే దొరుకుతుంది. సరే, ఒడ్డు దగ్గరైతే నేనూ 1.7తో వెళ్లను. అప్పుడు 4ఎస్‌కు మారి కేవీ 700 దగ్గరికి దించాలి. వేగం దాదాపు అదే, కరెంటు తగ్గుతుంది. బరువైన బ్యాటరీ కాబట్టి నిమిషాలు పెద్దగా పెరగవు. 2216 సైజు మోటారైతే కాస్త మిగులు కూడా వస్తుంది.

నిదానం
చూశారా, చివరికి కేవీ తగ్గించమనే చెప్పారు.

టంకం
వోల్టేజీ పెంచాను కాబట్టి!

భీమిలి గాలి
కుర్రాడూ, ఏది కొన్నా మొదట కెమెరా బరువుకు ఒక ఇసుక సంచి కట్టి రెండు నిమిషాలు నిలబెట్టు. డ్రోన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ ఆర్డుపైలట్ అయితే, నిలబడటానికి ఎంత థ్రాటిల్ పడుతోందో చెప్పే `MOT_THST_HOVER` చూడు. 0.6 దాటితే నా మాట విను. 0.35 దగ్గర ఉంటే టంకం గారి మాట విను. దిగగానే మోటారు మీద వేలు పెట్టు, మూడు సెకన్లు ఉంచలేకపోతే ఎవరి మాటా వినకు.

కాకినాడ కుర్రాడు
నేను ఎగరేసేది ఉప్పాడ ఒడ్డున, పడవల ఫొటోలకు. ముందే చెప్పాల్సింది.

భీమిలి గాలి
ముందే చెప్పాల్సింది.